సాయంత్రం దాకా ఉండలేను సార్, కానీ...

మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఆరు గంటల షిఫ్టు ఎక్కిన ఆపరేటర్ ఒకామె ఉందనుకుందాం. మధ్యాహ్నం ఒకటిన్నరకు సూపర్‌వైజర్ వచ్చి, "రిలీవర్ రాలేదమ్మా, రాత్రి పదింటిదాకా ఉండిపో" అన్నాడు. ఆమెకు షుగరు. పొద్దున, రాత్రి భోజనానికి అరగంట ముందు మిక్స్‌డ్ ఇన్సులిన్ వేసుకుంటుంది. రాత్రి వేసుకోవాల్సింది ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది.

ఈ ఇన్సులిన్‌లో ఒక భాగం త్వరగా పనిచేస్తుంది, మిగతాది గంటల తరబడి నిదానంగా పనిచేస్తుంది. పొద్దున వేసుకున్నది మధ్యాహ్నం కూడా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి భోజనం ఆలస్యమైతే షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, చూపు మసకబారుతుంది. నడుస్తున్న మెషీన్ దగ్గర అది ఆమెకే కాదు, పక్కవాళ్లకూ ప్రమాదం.

అలాంటప్పుడు చాలామంది "ఇంటి దగ్గర పనుంది సార్" అనేస్తారు. రెండోసారి అదే మాట వింటే సూపర్‌వైజర్‌కు అది సాకులా వినిపిస్తుంది. "చూస్తాను సార్" అనడం ఇంకా నష్టం. ఆయన మనిషి దొరికిందనుకుంటాడు, రెండింటికి ఆమె బ్యాగు సర్దుకుంటుంది. పోనీ జబ్బు కథంతా చెప్పుకొస్తే, లైను ఆగుతుందన్న కంగారులో ఉన్న ఆయన సగమే వింటాడు.

ఆయనకు కావలసింది జబ్బు పేరు కాదు, ఎన్ని గంటలకు మనిషి ఉంటుందన్న లెక్క. అందుకని ఆమె ఇలా చెప్పవచ్చు: "లైను ఆగకూడదు సార్, నాకూ తెలుసు. నాకు టైముకు మందు, తిండి పడాలి, డాక్టర్ గట్టిగా చెప్పారు. పదింటిదాకా ఉండలేను. ఇప్పుడే అన్నం తినొచ్చి నాలుగింటిదాకా లైను చూస్తాను. ఆలోగా ఇంకొకరిని పిలిపించండి. శనివారం కావాలంటే ముందురోజు చెప్పండి, మందు వెంట తెచ్చుకుని పూర్తిగా ఉంటాను."

ఇందులో కుదరనిది ఒక్క ముక్కలో తేలిపోయింది, కుదిరేది గంటలతో సహా వచ్చింది. నాలుగింటిదాకా అన్నాక నాలుగింటిదాకా ఉండి తీరాలి, శనివారం మాట తప్పకూడదు. ఇష్టం ఉందని మేనేజర్ నమ్మేది అక్కడే. ఆ రోజే వాట్సాప్‌లో "నాలుగింటిదాకా ఉన్నాను సార్, శనివారానికి ముందురోజు చెప్పండి" అని రెండు ముక్కలు పెడితే తర్వాత తిరకాసు ఉండదు.

ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అయితే కార్మికుడు ఒప్పుకుంటేనే ఓవర్‌టైము చేయించాలంటోంది. అయినా ఒంటిగంటన్నరకు చట్టం వల్లిస్తే మాట పెరుగుతుందే తప్ప పని జరగదు. ఆ బలం వెనక ఉంచుకుంటే చాలు.

షుగరు మందు వాడేవాళ్లు "భోజనం, మందు వేళ తప్పకూడదు" అని డాక్టర్ చేత ఒక చీటీ రాయించుకుని, లైను సాఫీగా నడుస్తున్న రోజే సూపర్‌వైజర్‌కు ఇచ్చి ఉంచండి.