ఏ అమరావతి?

సెర్చ్ పెట్టెలో amaravati అని కొట్టామనుకోండి. ఆ ఒక్క మాటకు కనీసం అరడజను అర్థాలు పోటీకి వస్తాయి. ఒకటి ఆంధ్రప్రదేశ్ రాజధాని. మరొకటి ఆ రాజధానికి పేరిచ్చిన పాత ఊరు, కృష్ణ ఒడ్డున అమరేశ్వరాలయమూ ప్రాచీన బౌద్ధ స్తూపమూ ఉన్నది. మహారాష్ట్రలో విదర్భ ప్రాంతపు పెద్ద నగరానికీ ఇదే పేరు. తమిళనాడులో కావేరిలో కలిసే ఒక ఉపనది పేరూ ఇదే, ఉడుమలైపేట దగ్గర దాని మీద ఆనకట్ట కూడా ఉంది. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1984లో మొదలైన బౌద్ధ మఠం పేరూ అమరావతే. ఇక ఇంద్రుడి నగరం, సత్యం శంకరమంచి కథలు, సినిమాలు, రైళ్లు సరేసరి.

మన మనసులో ఏది ఉందో సెర్చ్ ఇంజన్‌కు తెలియదు. ఇదే మాట కొట్టినవాళ్లు ఎక్కువగా దేని మీద నొక్కారు, మనం ఏ ఊళ్లో ఉండి అడుగుతున్నాం, ఏ లిపిలో రాశాం, ఈ వారం వార్తల్లో ఏముంది అన్నవాటిని బట్టి అది ఊహిస్తుంది. గూగుల్ తన ఫలితాల నాణ్యతను పరీక్షించేవారికి ఇచ్చే మార్గదర్శకాల్లో ఒక మాటకున్న అర్థాలను మూడు రకాలుగా చూడమంటుంది: ఎక్కువమంది మనసులో ఉండేది, చాలామంది మనసులో ఉండగలిగేది, ఏ కొద్దిమందికో కావలసింది. గుంటూరులో కూర్చుని తెలుగు లిపిలో అమరావతి అని రాస్తే రాజధాని పైకి రావడం సహజం. అదే మాటను నాగపూరులో దేవనాగరిలో రాస్తే విదర్భ నగరం పైకి వస్తుంది. రెండూ సరైన ఊహలే. చిక్కల్లా మనకు కావలసింది మూడో రకంలో ఉన్నప్పుడు వస్తుంది. స్తూపం మీద వ్యాసం రాస్తున్న విద్యార్థి రాజధాని వార్తల కింద తనకు కావలసినదాన్ని వెతుక్కోవాలి.

అందుకే మొదటి ఫలితాన్ని తెరిచి చదవడం మొదలుపెట్టకూడదు. ముందు పైనున్న అయిదారు శీర్షికల మీద, వాటి కింది రెండు వరుసల మీద కళ్లు పరిగెత్తించాలి. వెతకవలసింది సమాచారం కాదు, గుర్తు. ఇంగ్లిషు స్పెల్లింగ్ ఒక గుర్తు: విదర్భ నగరాన్ని Amravati అని, మధ్యలో ఒక a లేకుండా రాస్తారు. తమిళనాడు నదిని ఎక్కువగా Amaravathi అంటారు. కానీ మన ఊరినీ కొందరు అలాగే రాస్తారు కాబట్టి స్పెల్లింగ్ ఒక్కదాన్నే నమ్మలేం. చిరునామా ఉన్న పేజీ అయితే పిన్‌కోడ్ మొదటి అంకె చూడటం చాలా నికరమైన పద్ధతి. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు 5, మహారాష్ట్రకు 4, తమిళనాడుకు 6. హోటల్ బుక్ చేసేముందు, పార్సిల్ పంపేముందు ఈ ఒక్క అంకె చూసుకుంటే డబ్బూ రోజూ దండగ కావు.

గుర్తు దొరక్కపోతే రెండో మాట జోడించాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. తమకు కావలసినదాన్ని వర్ణించే మాట వేస్తారు. వేయవలసింది మిగతా అర్థాలను పక్కకు తోసే మాట. amaravati temple అంటే తేలుతుందనుకుంటాం. విదర్భ నగరంలో అంబాదేవి ఆలయం ప్రసిద్ధం కాబట్టి అదీ వస్తుంది. స్తూపం కోసం amaravati buddhist అని కొడితే ఇంగ్లండు మఠం ఎదురవుతుంది, ఎందుకంటే దాని పేరులోనే ఆ మాట ఉంది. amaravati museum కూడా తేల్చదు. అక్కడి శిల్పాలు ఊళ్లోని మ్యూజియంలోనూ, చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. amaravati stupa అంటే మాత్రం తేలిపోతుంది. ఊరి పాత పేరు ధాన్యకటకం వేసినా అంతే. కాబట్టి రెండో మాట వేసేముందు ఒక్క క్షణం ఆలోచించాలి: ఈ మాట తక్కిన అమరావతుల్లో దేనికైనా అతుకుతుందా? అతికితే అది పనికిరాదు.

అడ్డొచ్చే అర్థాన్ని తీసేయడానికి మైనస్ గుర్తు కూడా ఉంది. గూగుల్‌లో ఇలా రాయాలి:

```
amaravati -maharashtra
```

మైనస్‌కూ మాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు. దీనికో పరిమితి ఉంది. మహారాష్ట్ర అన్న మాట ఏ సందర్భంలో వచ్చినా ఆ పేజీ పోతుంది. అంటే మనకు కావలసిన స్తూపం వ్యాసంలో అజంతా ప్రస్తావన వచ్చి, దాని పక్కన మహారాష్ట్ర అని ఉంటే అదీ మాయమవుతుంది. అందుకే దీన్ని చివరగా వాడాలి.

రెండు మాటలు కొట్టినా తేలని సందర్భానికి amaravati express మంచి ఉదాహరణ. ముంబై నుంచి విదర్భ నగరానికి వెళ్లేది ఉంది, దాని నంబర్లు 12111, 12112. నరసాపురం, హుబ్బళ్లి మధ్య నడిచేది 17225, 17226. కోల్‌కతా వైపు నుంచి గోవాలోని వాస్కోకు వెళ్లేది 18047, 18048. గుంటూరులో ఎక్కి గుంతకల్లు వెళ్లాలనుకునే ప్రయాణికుడికి ముంబై బండి మీద అనుమానం రాదు, ఊరి పేర్లు చూడగానే దాన్ని వదిలేస్తాడు. అసలు తికమక మిగతా రెండింటితోనే. రెండూ విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా ఒకే దారిలో వెళతాయి. ఒకటి రోజూ నడుస్తుంది, రెండోది వారంలో కొన్ని రోజులే. ఇక్కడ గుంటూరు అని రెండో మాట చేర్చినా లాభం లేదు, రెండూ అక్కడ ఆగుతాయి. నరసాపురం అనో వాస్కో అనో బయల్దేరే ఊరో చేరే ఊరో వేయాలి, లేదా నేరుగా నంబరు కొట్టాలి. నంబరుకు రెండో అర్థం ఉండదు. ఇంకో సంగతి: ఈ రెండు బండ్లలో ఏదీ మన అమరావతికి వెళ్లదు. అమరేశ్వరుడి దర్శనానికి వెళ్లేవారు గుంటూరులోనో విజయవాడలోనో దిగి బస్సెక్కాలి.

అన్నిటికన్నా కష్టం పాత ఊరినీ కొత్త రాజధానినీ విడదీయడం. రెండూ కృష్ణకు కుడి ఒడ్డునే ఉన్నాయి. రాజధాని తుళ్లూరు, మంగళగిరి ప్రాంతంలో ఉంటే, పాత ఊరు దానికి పడమర, నదికి ఎగువన ఉంది. రాష్ట్రం ఒకటే, స్పెల్లింగ్ ఒకటే, పిన్‌కోడ్ మొదలయ్యే అంకె కూడా ఒకటే. ఇక్కడ పనికొచ్చేది తేదీ. రాజధానికి ఈ పేరు పెట్టింది 2015లో, శంకుస్థాపన జరిగింది ఆ ఏడాది అక్టోబరు 22న. కాబట్టి అంతకుముందు రాసిన పేజీలో ఆంధ్రలోని అమరావతి అంటే పాత ఊరే. సత్యం శంకరమంచి కథల్లోనిదీ ఆ ఊరే. 2015 తర్వాతి పేజీ అయితే జిల్లా పేరు చూడాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు పాత ఊరు పల్నాడులోకి వెళ్లింది, తుళ్లూరు గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అయితే 2015కీ 2022కీ మధ్య రాసిన పేజీల్లో రెండింటికీ గుంటూరు జిల్లా అనే ఉంటుంది. అలాంటప్పుడు తుళ్లూరు, వెలగపూడి, మందడం అన్న పేర్లు కనిపిస్తే రాజధాని, అమరేశ్వరాలయం, ధ్యానబుద్ధ విగ్రహం కనిపిస్తే పాత ఊరు.

ఈ తికమకలో కొంత మన రాతల వల్లే పెరుగుతోంది. పెళ్లి శుభలేఖలో, హోటల్ ప్రకటనలో, ఫొటో కింద రాసే వాక్యంలో అమరావతి అని ఊరుకోకండి. పక్కన జిల్లా పేరు కూడా వేయండి.