ఫైలు దొరికింది, అక్షరాలే పోయాయి

తెలుగు ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకరే నడుస్తోంది. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని పక్కన పెట్టేసింది, షాపులు మాత్రం పెట్టలేదు. దానికి తోడు అను ఫాంట్లు, వాటిని టైపు చేయించే కీబోర్డు ప్రోగ్రాం, ఓ పాత ప్రింటరు డ్రైవరు. వీటన్నిటికీ పొత్తు కుదిర్చిన కుర్రాడు ఎప్పుడో వేరే ఊరు వెళ్లిపోయి ఉంటాడు. సీడీలు ఏ అరలో ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు.

అలాంటి షాపులో ఒక రోజు పొద్దున కంప్యూటరు ఆన్ చేస్తే ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదనుకుందాం. యజమాని జాగ్రత్తపరుడే. విండోస్‌లో ఉండే ఫైల్ హిస్టరీని ఆన్ చేసి, బయట ఒక హార్డ్‌డిస్క్ తగిలించి ఉంచాడు. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, విండోస్ ఎక్కించి, పాత ఫైళ్లన్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. శుభలేఖల ఫైళ్లు ఒక్కటీ పోలేదు. కానీ వాటిని తెరిచే పేజ్‌మేకర్ ఇప్పుడు ఆ మెషీన్‌లో లేదు. పోనీ వర్డ్‌లో కొట్టిన మేటరైనా చూద్దామంటే, తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, అర్థంకాని గుర్తులు. అను ఫాంట్లలో కొట్టిన మేటరు యూనికోడ్ కాదు. ఫాంటు ఉంటేనే అది తెలుగులా కనబడుతుంది. ఫైలు భద్రంగా ఉన్నా, దాన్ని చదివించే సరంజామా పోయింది.

ఇందులో ఫైల్ హిస్టరీ తప్పేమీ లేదు. 2012లో విండోస్ 8తో వచ్చినప్పటి నుంచీ దాని పని ఒక్కటే. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి సొంత ఫోల్డర్లను గంటకోసారి చూసి, మారిన ఫైళ్లను మాత్రం బయటి డిస్క్ మీదికి కాపీ చేయడం. పాత కాపీని చెరిపేయకుండా, ప్రతిదాని పేరు చివర తేదీ, సమయం తగిలించి దాచుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి బాగున్న ఫైలును ఒంటిగంటకు ఎవరో పాడుచేసి సేవ్ చేశారనుకోండి, ఆ పన్నెండింటి కాపీ దొరుకుతుంది. ఆ డిస్క్‌ను మరో కంప్యూటరుకు పెట్టి, ఫోల్డరు తెరిచి, కావలసిన ఫైలును చేత్తో కాపీ చేసుకోవచ్చు కూడా. ప్రోగ్రాములు, ఫాంట్లు, డ్రైవర్లు, సెట్టింగులు దాని లెక్కలోకి రావు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కంప్యూటరు అమ్మేవాడు డిస్క్‌ను సి, డి అని రెండు భాగాలు చేసి ఇస్తాడు, పనంతా డి డ్రైవ్‌లో పెట్టుకోవడం అందరికీ అలవాటు. ఫైల్ హిస్టరీ తనంతట తాను డి వైపు చూడదు. విండోస్ 10లో అయితే సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఫోల్డరును చేర్చవచ్చు. విండోస్ 11లో ఆ పేజీ తీసేశారు కాబట్టి ఫోల్డరును ముందు ఒక లైబ్రరీలో కలపాలి. అసలు కాపీలు పడుతున్నాయా లేదా తెలుసుకోవడానికి కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిస్తే Files last copied on అన్న వరుస కనిపిస్తుంది. అక్కడ పోయిన ఏడాది తేదీ ఉంటే, డిస్క్ ఊడిపోయిన సంగతి ఎవరూ గమనించలేదన్నమాట.

ఆ యజమానికి నిజంగా అక్కరకు వచ్చేది సిస్టమ్ ఇమేజ్. విండోస్, ప్రోగ్రాములు, ఫాంట్లు, డ్రైవర్లు, సెట్టింగులు, బూట్ అవడానికి కావలసిన దాపుడు భాగాలతో సహా డిస్క్ మొత్తానికి తీసిన అచ్చు అది. కీబోర్డు మీద విండోస్ మీట, R కలిపి నొక్కి sdclt అని కొడితే, విండోస్ 7 పేరు ఇంకా తగిలించుకుని ఉన్న పాత బ్యాకప్ పేజీ తెరుచుకుంటుంది. అందులో ఎడమవైపు Create a system image ఉంటుంది. కమాండుతో చేసేవాళ్లు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ విండోలో ఈ ఒక్క వరుస కొడితే చాలు. F అన్నది బయటి డిస్క్ అక్షరం.

```
wbadmin start backup -backupTarget:F: -include:C: -allCritical -quiet
```

పని పూర్తయ్యాక బయటి డిస్క్‌లో WindowsImageBackup అనే ఫోల్డరు పుడుతుంది. దాని పేరు మార్చినా, ఇంకో ఫోల్డరులోకి తోసినా రికవరీ దాన్ని గుర్తుపట్టదు. డి డ్రైవ్ కూడా ఇమేజ్‌లో ఉండాలంటే విడిగా టిక్ పెట్టాలి, లేకపోతే దాన్ని వదిలేస్తుంది. పెన్‌డ్రైవ్ మీద ఇమేజ్ తీయనివ్వదు. కానీ డిస్క్ పోయిన రోజున కంప్యూటరును లేపడానికి విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ ఒకటి తప్పకుండా కావాలి. దాన్ని మెషీన్ బాగున్నప్పుడే చేసి పెట్టుకోవాలి.

ఇమేజ్ ఉన్నవాళ్లు కూడా బోల్తాపడే చోటొకటి ఉంది. పాత ఎస్‌ఎస్‌డీ 256 జీబీది, బజారులో దొరికింది 240 జీబీది అనుకుందాం. పాతదానిలో వాడింది 90 జీబీయే అయినా, పెట్టాల్సిన డిస్క్ పాతదానికన్నా చిన్నదని రికవరీ ఒప్పుకోదు, తగిన డిస్క్ లేదని చెప్పి ఆగిపోతుంది. అంత సైజుదో, అంతకన్నా పెద్దదో కొనాల్సిందే. ఇమేజ్‌ను పూర్తిగా వేరే మెషీన్‌లోకి ఎక్కించాలని చూడటమూ దండగే. బోర్డు మారితే అది బూట్ అవుతుందన్న భరోసా లేదు. అదే మెషీన్, కొత్త డిస్క్. ఇమేజ్ పనికొచ్చేది అక్కడే.

అన్నీ కుదిరితే రికవరీ డిస్క్‌ను తుడిచేసి, ఇమేజ్ తీసిన రోజున కంప్యూటరు ఎలా ఉందో అలాగే తెచ్చి పెడుతుంది. జనవరిలో తీసిన ఇమేజ్‌ను జూన్‌లో ఎక్కిస్తే, వచ్చేది జనవరి నాటి మెషీన్. పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది, అను అక్షరాలు వెనక్కి వస్తాయి, సి డ్రైవ్‌లో మధ్యలో చేసిన ఐదు నెలల పని మాత్రం ఉండదు. ఆ ఐదు నెలలనూ నింపాల్సింది ఫైల్ హిస్టరీ. అందుకే ఈ రెండింటిలో ఏది మంచిదని అడగడంలో అర్థం లేదు. రోజూ మారేది ఒకదాని బాధ్యత, మళ్లీ సమకూర్చుకోవడానికి వారం పట్టేది రెండోదాని బాధ్యత.

మరి ఇమేజ్ అందరికీ కావాలా? అక్కర్లేదు. బ్రౌజరు, వర్డ్, ఫొటోలతో సరిపోయే ఇంటి లాప్‌టాప్‌కు ఫైళ్ల కాపీలుంటే చాలు. డిజిటల్ లైసెన్స్ ఉన్న మెషీన్‌లో విండోస్‌ను కొత్తగా ఎక్కించినా, ఇంటర్నెట్ తగలగానే అది తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. సీడీ పోయిన సాఫ్ట్‌వేర్, అమ్మిన కంపెనీయే ఇప్పుడు ఇవ్వని సాఫ్ట్‌వేర్, ఏ సెట్టింగు ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేని సాఫ్ట్‌వేర్ ఉన్న మెషీన్‌కు మాత్రం ఒక సాయంత్రం కేటాయించి ఇమేజ్ తీయడం న్యాయం. నెలనెలా తీయనక్కర్లేదు. అన్నీ కుదిరి నడుస్తున్నప్పుడు ఒకటి, పెద్ద మార్పు చేసే ముందు ఒకటి.

ఆ పెద్ద మార్పు ఇప్పుడు చాలా షాపుల గుమ్మంలోనే ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారాక పాత ప్రింటరు మొరాయిస్తే వెనక్కి రావడానికి సాధారణంగా పది రోజులే గడువు ఇస్తుంది. ఆ మొరాయింపు పెళ్లిళ్ల సీజన్‌లో, ఇరవయ్యో రోజున బయటపడితే, మారేముందు తీసిన ఇమేజే దారి.

ఒక్క హెచ్చరిక. ఈ ఇమేజ్ పనిముట్టును ఇక పెంచబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే ప్రకటించి, బయటి సాఫ్ట్‌వేర్ వాడుకోమంది. అయినా అది విండోస్‌లో ఇంకా ఉంది, పనిచేస్తోంది. నమ్మకం చాలనివాళ్లకు ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా ఉంది, కాకపోతే దాని నల్ల తెర మొదట్లో కాస్త భయపెడుతుంది. దేనితో తీసినా తీసిన రోజే పరీక్ష పెట్టాలి. విండోస్ ఇమేజ్ అయితే రికవరీ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరును లేపి, Troubleshoot లోంచి System Image Recovery దాకా వెళ్తే, దొరికిన ఇమేజ్ తేదీ చూపిస్తుంది. తేదీ సరిగ్గా ఉంటే, ముందుకు నొక్కకుండా అక్కడే Cancel చేసి బయటికి రావాలి.