‘అన్నారు’ అని రాయకుండానే

జర్మన్ దినపత్రికలో ఓ చిన్న ఊరి వార్త. మొదటి వాక్యంలో మేయర్ ఫలానా సంగతి చెప్పారని ఉంటుంది. ఆ తర్వాత ఐదారు వాక్యాలు వరసగా సాగిపోతాయి. వాటిలో ‘చెప్పారు’, ‘పేర్కొన్నారు’, ‘వివరించారు’ లాంటివి మళ్లీ కనిపించవు. కొటేషన్ గుర్తులు కూడా ఉండవు. అయినా అవన్నీ మేయర్ మాటలేననీ, విలేకరి సొంతంగా రాసినవి కావనీ జర్మన్ పాఠకుడికి అర్థమైపోతుంది. ఆ సంగతి చెప్పేది క్రియాపదమే. దాని చివర ఒక్క ధ్వని మారితే చాలు, ఆ వాక్యం ఇంకొకరి మాట అయిపోతుంది. ఈ క్రియారూపాన్ని జర్మన్‌లో కొన్‌యుంక్టీఫ్ ఐన్స్ అంటారు.

మన పత్రికల్లో ఈ పని చేసేది ‘అని’. ప్రాజెక్టు ఆగలేదని, నిధులు వచ్చాయని, వచ్చే నెలలో పనులు మొదలవుతాయని మంత్రి చెప్పారు అంటూ ఎంత పొడవైన వాక్యమైనా రాసేస్తాం. ప్రతి ముక్కకూ ఓ ‘అని’, చివర్లో ఓ ‘చెప్పారు’. అక్కడ చుక్క పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టామంటే మాత్రం మళ్లీ ఎవరన్నారో చెప్పుకోవాల్సిందే. జర్మన్‌కు ఆ అవసరం లేదు. అందుకే నా దృష్టిలో ఈ క్రియారూపం అసలు విలువ తెలిసేది రెండో వాక్యం నుంచే. మొదటి వాక్యంలో ‘చెప్పారు’ ఎలాగూ ఉంటుంది కాబట్టి, క్రియ మారకపోయినా పాఠకుడు పొరబడడు.

బీ-2 స్థాయి పాఠ్యపుస్తకాల్లో దీనికి అభ్యాసాలుంటాయి. ఎవరో అన్న మాటలు కొటేషన్‌లో ఇచ్చి, వాటిని పత్రికా శైలిలో తిరగరాయమంటారు. చాలా పుస్తకాలు ఒక్కో వాక్యాన్ని విడివిడిగా ఇచ్చి ఊరుకుంటాయి. దానివల్ల రూపాలు కంఠస్థం అవుతాయేమోగానీ, వాటి అవసరమేమిటో తెలియదు. పేరా మొత్తం ఇచ్చి ‘చెప్పారు’ను ఒక్కసారే వాడనిస్తేనే అది అభ్యాసం అనిపించుకుంటుంది.

రూపం తయారీ చెప్పుకోవడానికి చాలా తేలిక. క్రియ మూలరూపం చివరనున్న ‘ఎన్’ తీసేసి ‘ఎ’ పెట్టాలి. ‘అతను వస్తాడు’కు మామూలుగా ‘ఎర్ కొమ్ట్’. వేరొకరి మాటగా చెబితే ‘ఎర్ కొమ్మె’. ‘ఉంది’కి ‘హాట్’ అనేది ‘హాబె’ అవుతుంది. ‘చేయగలడు’ అర్థంలోని ‘కాన్’ కాస్తా ‘కోన్నె’ అవుతుంది. వర్తమానంలో అచ్చు మార్చుకునే క్రియలు కూడా ఇక్కడ బుద్ధిగా మూలరూపానికి వచ్చేస్తాయి. ‘ఫేర్ట్’ (వాహనంలో వెళ్తాడు) కాస్తా ‘ఫారె’ అవుతుంది. దారి తప్పేది ‘జైన్’ అనే ‘ఉండు’ క్రియ ఒక్కటే. ఏకవచనంలో ‘ఇస్ట్’ బదులు ‘జై’, బహువచనంలో ‘జింట్’ బదులు ‘జైఎన్’. పత్రికల్లో ఈ రెండూ అడుగడుగునా కనిపిస్తాయి.

చిక్కు బహువచనంతో మొదలవుతుంది. ‘వాళ్లు వస్తారు’ అనేదానికి మామూలు రూపం ‘జీ కొమ్మెన్’. పై సూత్రం ప్రకారం తయారయ్యేదీ అదే ‘కొమ్మెన్’. చూసినా విన్నా తేడా లేదు. తేడా లేకపోతే అది ఎవరి మాటో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? అప్పుడు కొన్‌యుంక్టీఫ్ త్స్వై అనే రెండో రూపాన్ని అరువు తెచ్చుకుంటారు. ‘కొమ్మెన్’ స్థానంలో ‘కేమెన్’, ‘హాబెన్’ స్థానంలో ‘హెట్టెన్’. కొన్ని క్రియల్లో ఆ రెండో రూపం కూడా భూతకాలంతో కలిసిపోతుంది. అలాంటి చోట ‘వ్యుర్డెన్’ అనే సహాయక క్రియ పెట్టి మూలరూపాన్ని వాక్యం చివరికి పంపుతారు. వరసలో మొదటిది పని చేస్తే మొదటిదే. చేయకపోతే రెండోది, అదీ కుదరకపోతే మూడోది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరి ఈతకొలను గురించి మేయరమ్మ విలేకరులతో ఇలా అన్నారనుకుందాం: “ఆదివారం అంతా సవ్యంగానే ఉండింది. సోమవారం నుంచి ఈతకొలను మూసి ఉంది. పైపు పగిలిన సంగతి మేం ఆలస్యంగా గమనించాం. మెకానిక్‌లు రాత్రింబవళ్లు పని చేస్తున్నారు. మరమ్మతు ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలియదు. అగ్నిమాపక సిబ్బంది లేకపోతే నష్టం ఇంకా పెద్దదయ్యేది. దయచేసి ఓపిక పట్టండి.”

మొదటి వాక్యంలోనే ఎక్కువమంది జారిపడతారు. ‘ఉండింది’ అనడానికి ఆమె వాడిన క్రియ ‘వార్’. విద్యార్థి దాన్ని చూడగానే, దానికి చుట్టంలా కనిపించే ‘వేరె’ రాసేస్తాడు. అది తప్పు. ‘వేరె’ అంటే ‘ఉంటే బాగుండేది’ తరహా ఊహ, అదీ వర్తమానానికి చెందినది. జరిగిపోయిన దాన్ని ఇంకొకరి మాటగా చెప్పడానికి జర్మన్‌లో ఒకటే దారి ఉంది. సహాయక క్రియను ‘జై’ లేదా ‘హాబె’గా మార్చి, అసలు క్రియను భూత కృదంతంగా చివర పెట్టాలి. ఇక్కడ సరైనది ‘జై గెవేజెన్’. జర్మన్‌కు మూడు భూతకాలాలున్నాయి. మేయరమ్మ వాటిలో దేన్ని వాడినా పత్రికలోకి వచ్చేసరికి ఈ ఒక్క రూపమే మిగులుతుంది.

రెండో వాక్యం తేలిక, ‘ఇస్ట్’ తీసి ‘జై’ పెడితే సరి. కానీ బడిలో ఇంగ్లిష్ వ్యాకరణం బట్టీ పట్టిన మన పిల్లలకు ఇక్కడ చేయి ఆగదు. ‘చెప్పారు’ భూతకాలంలో ఉంటే లోపలి వాక్యాన్నీ వెనక్కి జరపాలని వాళ్లకు నేర్పి ఉంటారు. జర్మన్‌లో ఆ జరుపుడు లేదు. మేయరమ్మ మాట్లాడుతున్నప్పుడు కొలను మూసి ఉంది కాబట్టి, వార్త ఎప్పుడు రాసినా అది వర్తమాన రూపంలోనే ఉంటుంది. ఈ విషయంలో జర్మన్ తెలుగుకే దగ్గర. ‘మూసి ఉందని చెప్పారు’ అంటామే తప్ప, చెప్పడం నిన్నటిది కదా అని ‘మూసి ఉండిందని’ అనం.

మూడో వాక్యంలోని ‘మేం’ దగ్గర ఆలోచించాలి. సర్వనామం ‘వాళ్లు’ అవుతుంది, క్రియ ‘హెట్టెన్’ అవుతుంది. ‘తాము గమనించామని’ అనే తెలుగు అలవాటు ఇక్కడ కొంత ఇబ్బంది పెడుతుంది. మనం సర్వనామాన్ని మార్చినా క్రియ చివర ఉత్తమ పురుషను అలాగే ఉంచుతాం. జర్మన్‌లో రెండూ కలిసే మారాలి. వ్యాకరణపరంగా ‘జీ హెట్టెన్’ సరైన జవాబే. అయితే జర్మన్‌లో ‘జీ’ అంటే ఆమె కావచ్చు, వాళ్లు కావచ్చు. చదివేవాడు ఆ వాళ్లెవరని తడుముకుంటాడు. అందుకే పత్రికలవాళ్లు ‘నగరపాలక సంస్థ’ అనో, ‘మన్’ అనే నిర్దిష్టత లేని కర్తనో తెచ్చి పెడతారు. రెండూ ఏకవచనాలే కాబట్టి ‘హాబె’ దర్జాగా కుదురుతుంది. ఒక్క కర్తను మార్చడంతో అస్పష్టతా పోయింది, అరువు తెచ్చుకునే అవసరమూ తప్పింది. జవాబుల పట్టికలో ‘జీ హెట్టెన్’ మాత్రమే ఉంటే కంగారుపడనక్కర్లేదు, ‘మన్ హాబె’ కూడా సరైనదే.

నాలుగో వాక్యంలో మెకానిక్‌లు బహువచనం, క్రియ ‘ఆర్బైటెన్’. మొదటి రూపం మామూలు క్రియలాగే ఉంటుంది, రెండోది భూతకాలంలాగా. కాబట్టి ‘వ్యుర్డెన్’ తప్పదు. ఐదో వాక్యంలో ‘నాకు తెలియదు’ అన్నది ‘ఆమెకు తెలియదు’ అయ్యి, ‘వైస్’ కాస్తా ‘విస్సె’ అవుతుంది. దాని లోపల ‘ఎన్నాళ్లు పడుతుందో’ అనే చిన్న వాక్యం ఒకటి దాగి ఉంది. అందులోని ‘డావర్ట్’ను ‘డావెరె’గా మార్చడం చాలామంది మర్చిపోతారు.

ఆరో వాక్యంలో మార్చాల్సింది ఏమీ లేదు. ‘లేకపోతే పెద్దదయ్యేది’ అన్నప్పుడు మేయరమ్మ తానే ఊహారూపం వాడారు. ఊహను ఊహగానే ఉంచాలి. ఏదో ఒకటి మార్చాలి కదా అని ‘జై’ పెడితే, జరగని నష్టం జరిగిపోయినట్టవుతుంది. కష్టపడి సూత్రం నేర్చుకున్నవాళ్లే ఎక్కువగా ఈ తప్పు చేస్తారు.

చివరిది విన్నపం. ఆజ్ఞార్థకానికి పరోక్ష రూపం లేదు కనుక ‘చేయాలి’ అర్థమున్న సహాయక క్రియను తెచ్చుకోవాలి. ప్రజలు బహువచనం కాబట్టి అది ‘జొల్టెన్’ అవుతుంది. ‘దయచేసి’ని తీసేయడమే మేలు. అసలు పత్రికల్లో ఇంత అవస్థ కూడా పడరు. ‘ఓపిక పట్టాలని కోరారు’ అన్నట్టు ‘బాట్ ఉమ్ గెడుల్ట్’ అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు.

రాసింది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఓ మార్గం ఉంది. మొదట్లోని ‘చెప్పారు’ను వేలితో మూసి మిగతా పేరా చదవాలి. ఏ వాక్యమైనా విలేకరి సొంత మాటలా వినిపిస్తే అక్కడి క్రియను మళ్లీ చూడాలి. ఈ పరీక్ష ప్రతిసారీ గెలిపించదు. ‘వ్యుర్డెన్’ పరోక్ష కథనానికీ, ఊహకూ రెండింటికీ వాడుకలో ఉంది కాబట్టి చుట్టుపక్కల వాక్యాల ఆసరా కావాలి.

ఈ రూపం వాడితే విలేకరికి అనుమానం ఉన్నట్టా? కాదు. ‘జై’ పెట్టడం నమ్మకాన్నీ చూపదు, అపనమ్మకాన్నీ చూపదు. మాట ఎవరిదో చెప్పి ఊరుకుంటుంది. జర్మన్ సివిల్ కోర్టుల తీర్పుల్లోనూ ఇదే పద్ధతి. ఇరుపక్షాలూ ఒప్పుకున్న సంగతులను మామూలు క్రియల్లో రాసి, వివాదంలో ఉన్న వాదనలను పరోక్ష రూపంలో రాస్తారు. ఏది ఒప్పుదలో, ఏది వాదనో చదువుతుండగానే తెలిసిపోతుంది. దీనికి భిన్నంగా ‘జై’ పెట్టగల చోట కావాలని ‘వేరె’ పెడితే, ఆ మాట మీద రాసినవాడికి నమ్మకం లేదని కొందరు పాఠకులు అనుకుంటారు. వాడుక భాషలో ఇద్దరు స్నేహితులు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ గొడవేమీ ఉండదు. మామూలు క్రియే వాడేస్తారు. బజార్లో ‘ఎర్ హాబె’ అంటే వార్తలు చదువుతున్నట్టుంటుంది.

పత్రికల్లోనే ఇది అక్కర్లేని చోటు ఒకటుంది. ‘పోలీసుల సమాచారం ప్రకారం’ అని వాక్యం మొదలైతే మూలం అప్పటికే చెప్పేసినట్టే. ఆ వాక్యంలో క్రియ మామూలుగా ఉండాలి. అక్కడ కూడా ‘జై’ పెడితే ఒకే మాటను రెండుసార్లు పోలీసుల మీదికి తోసినట్టవుతుంది. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ఇదీ తరచూ జరుగుతుంది.

అభ్యాసాన్ని వెనక్కి తిప్పి చేయడం కూడా మంచిదే. పత్రికలోని పేరా తీసుకుని, మేయరమ్మ నోటి మాటలు ఏమై ఉంటాయో తిరిగి రాయాలి. సర్వనామాలు, వర్తమాన క్రియలు సులువుగానే దొరుకుతాయి. ‘జై గెవేజెన్’ దగ్గర మాత్రం ఆమె అన్నది ‘వార్’ అనా, ‘ఇస్ట్ గెవేజెన్’ అనా చెప్పే మార్గం లేదు. ఆ రెంట్లో ఏది రాసినా దిద్దేవారు ఒప్పుకోవాల్సిందే.