పాత టీవీకి బ్లూటూత్ చెవులు

పదీ పన్నెండేళ్ల కిందట కొన్న ఎల్‌సీడీ టీవీ ఇప్పటికీ బొమ్మ శుభ్రంగా చూపిస్తుంటే దాన్ని తీసి పారేయడానికి మనసొప్పదు. దానికి బ్లూటూత్ లేకపోవడమే లోటు. తాతగారికి వినపడాలంటే వాల్యూమ్ నలభై దాటాలి, పక్క గదిలో మనవరాలేమో ఈఏపీసెట్‌కి చదువుకోవాలి. ఈ తగువు తీర్చడానికి కొత్త టీవీ అక్కర్లేదు. సబ్బుబిళ్ల కంటే చిన్నదైన ట్రాన్స్‌మిటర్ ఒకటి చాలు. టీవీ నుంచి వైరు ద్వారా శబ్దాన్ని తీసుకుని, దాన్ని కుదించి, బ్లూటూత్ తరంగాలుగా హెడ్‌ఫోన్లకు పంపడం దాని పని.

కొనేటప్పుడే ఒక తేడా గమనించాలి. కారు స్టీరియోకి పెట్టుకునే చవక బ్లూటూత్ డాంగిల్ రిసీవర్. అది ఫోన్ నుంచి శబ్దాన్ని అందుకుంటుందే తప్ప దేనికీ పంపదు. మనకు కావలసింది ట్రాన్స్‌మిటర్. కొన్ని రెండు పనులూ చేస్తాయి, వాటి మీద చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని టీఎక్స్ వైపు ఉంచాలి.

ఆ తర్వాత టీవీ వెనక్కి ఓసారి టార్చి వేసి చూడాలి. ఎరుపు, తెలుపు రంధ్రాలు కనపడగానే సంబరపడొద్దు. పాత టీవీల్లో చాలావాటికి అవి ఏవీ ఇన్, అంటే డీవీడీ ప్లేయర్ నుంచి శబ్దం లోపలికి తెచ్చుకునే దారి. అక్కడ ట్రాన్స్‌మిటర్ పెడితే ఏమీ వినపడదు. ఆడియో అవుట్ అని రాసి ఉన్నదో, హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్న రంధ్రమో, నలుపలకలుగా ఉండి చిన్న మూత ఉన్న ఆప్టికల్ అవుటో కావాలి. ఇవేవీ లేకపోతే సెట్‌టాప్ బాక్స్ వెనక చూడండి. బొమ్మ హెచ్‌డీఎంఐ వైరులో టీవీకి వెళుతున్నా, దాని ఏవీ అవుట్‌లోంచి శబ్దం చాలా బాక్సుల్లో వస్తూనే ఉంటుంది.

హెడ్‌ఫోన్ రంధ్రం, ఆప్టికల్ రెండూ ఉన్నప్పుడు ఏది వాడాలి? ఇంట్లో ఎవరెవరు చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రంలో పిన్ను దూర్చగానే చాలా టీవీల్లో స్పీకర్లు మూగబోతాయి. ఒంటరిగా చూసేవారికి అది వరమే. తాతగారి పక్కన బామ్మగారు కూడా సీరియల్ చూస్తుంటే మాత్రం ఆప్టికల్ మేలు. సాధారణంగా అందులోంచి శబ్దం ఒకే స్థాయిలో వస్తుంది, టీవీ రిమోట్‌తో సంబంధం ఉండదు. బామ్మగారు టీవీ వాల్యూమ్ పదిలో పెట్టుకుంటారు, తాతగారు హెడ్‌ఫోన్ బటన్లతో తనకు కావలసినంత పెంచుకుంటారు.

ఆప్టికల్ వైరులో కరెంటు పారదు, ఎర్రటి వెలుగు పోతుంది. తోషిబా 1983లో తెచ్చిన ఈ పద్ధతిలో శబ్దం వెలుగు మిణుకులుగా మారి ప్లాస్టిక్ తీగలో ప్రయాణిస్తుంది. వైరు కొసకు ఉండే ప్లాస్టిక్ తొడుగు తీయడం మరిచిపోయేవారు బోలెడుమంది. టీవీ వైపు గుచ్చి రెండో కొసను గోడకేసి చూపితే ఎర్రటి చుక్క కనపడాలి. కళ్లలోకి చూసుకోనక్కర్లేదు.

చుక్క కనపడుతోంది, అయినా హెడ్‌ఫోన్లలో నిశ్శబ్దమో, బరబర చప్పుడో వస్తోందంటే తప్పు ట్రాన్స్‌మిటర్‌ది కాకపోవచ్చు. టీవీ డాల్బీ పద్ధతిలో కట్టగట్టిన శబ్దాన్ని పంపుతోంది, ఈ చిన్న డబ్బాకు ఆ మూట విప్పడం రాదు. సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ దగ్గర Auto గానీ, Dolby Digital గానీ ఉంటే PCM అని మార్చాలి. కొన్ని చానళ్లలో వినపడి, కొన్నిట్లో ఆగిపోతుంటే కూడా మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇంతవరకూ సులువే. అసలు చికాకు ఆ తర్వాత మొదలవుతుంది: పెదవులు ముందు కదులుతాయి, మాట వెనక వస్తుంది. నాకు తెలిసిన ఓ రిటైర్డ్ మాస్టారి అనుభవమే తీసుకుందాం. అబ్బాయి అమెరికా నుంచి పంపిన హెడ్‌ఫోన్లు మంచివే. ఫోన్లో సినిమా చూస్తే ఎక్కడా తేడా ఉండేది కాదు. టీవీకి తగిలించగానే వార్తలు చదివే అమ్మాయి నోరు మూశాక చివరి మాట వినపడేది. ‘హెడ్‌ఫోన్లు పాడయ్యాయేమో చూడండి బాబూ’ అన్నారు. పాడవలేదు. ఫోన్‌కు హెడ్‌ఫోన్ల సంగతి తెలుసు కాబట్టి శబ్దం ఆలస్యమైనంతసేపు బొమ్మనూ ఆపి చూపిస్తుంది. పాత టీవీకి తన వెనక బ్లూటూత్ ఉందనే తెలియదు. అది బొమ్మను తన మానాన తాను చూపించేస్తుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లన్నిటికీ వచ్చిన మామూలు భాష ఎస్‌బీసీ. అందులో శబ్దాన్ని కుదించి, పంపి, విప్పి, తెగకుండా కాస్త నిల్వ చేసుకునేసరికి ఇంచుమించు 200 మిల్లీసెకన్లు పడుతుంది. మన టీవీ ప్రసారాల లెక్కలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే మాట 5 ఫ్రేములు వెనకబడుతుంది. శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే చూసేవారు పసిగడతారనీ, 185 దాటితే భరించలేరనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రసార ప్రమాణం చెబుతోంది. మాస్టారి చిరాకు న్యాయమైనదే. ఈ ఆలస్యాన్ని 40 మిల్లీసెకన్లకు తెచ్చే భాష ఒకటుంది, దాని పేరు ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ. ఆయన ట్రాన్స్‌మిటర్‌కు అది వచ్చు. హెడ్‌ఫోన్లకు రాదు. ఇద్దరికీ వచ్చిన భాషలోనే మాట్లాడుకోవాలి గనక రెండూ ఎస్‌బీసీకి దిగిపోయాయి. అట్ట మీద బ్లూటూత్ 5.0 అనో, 5.3 అనో ఉన్న అంకె చూసి మోసపోకండి, ఈ విషయంలో ఆ అంకెతో ఒరిగేది తక్కువ.

ఉన్నవాటితోనే కొంత సర్దుకోవచ్చు. కొన్ని టీవీల్లో డిజిటల్ అవుట్‌పుట్‌కు ఆడియో డిలే అనే సెట్టింగ్ ఉంటుంది. అది శబ్దాన్ని ఇంకా వెనక్కే నెడుతుంది కానీ ముందుకు తేలేదు, కాబట్టి సున్నాలో పెట్టాలి. గేమ్ మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయాలి. అది బొమ్మను త్వరగా చూపించి తేడాను ఇంకా పెంచుతుంది. మాస్టారి టీవీలో ఈ రెండూ చేశాక కాస్త తగ్గింది, పోలేదు. చివరికి ట్రాన్స్‌మిటర్, హెడ్‌ఫోన్లు జంటగా అమ్మే సెట్టు కొన్నారు. రెండింటికీ ఆ భాష వచ్చు. విడివిడిగా వెతికేకన్నా ఇదే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే లో లేటెన్సీ ఉన్న హెడ్‌ఫోన్లు బజారులో అంత తేలిగ్గా దొరకవు. అన్నట్టు, తేడా ఉందో లేదో చూడాలంటే లైవ్‌లో వార్తలు చదివేవారి నోరు చూడండి. హిందీ నుంచి డబ్బింగ్ చేసిన సీరియల్ పెట్టి చూస్తే ఏ హెడ్‌ఫోనూ నెగ్గదు.

బామ్మగారి కోసం స్పీకర్లు కూడా మోగుతుంటే ఈ ఆలస్యం ఇంకోలా బయటపడుతుంది. స్పీకర్ మాట ముందు, హెడ్‌ఫోన్ మాట తర్వాత చేరి గుడిలో మైకులా ప్రతిధ్వనిస్తుంది. 40 మిల్లీసెకన్లయితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లయితే మరీ మంచిది.

జత కలిపేటప్పుడు ట్రాన్స్‌మిటర్‌కు తెర ఉండదు కనుక, ఏ పేరును ఎంచుకోవాలో అడగదు. దగ్గర్లో జత కోసం సిద్ధంగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ముందుగా ఫోన్లో బ్లూటూత్ ఆపేయాలి, లేకపోతే హెడ్‌ఫోన్లు పాత అలవాటు కొద్దీ ఫోన్‌కే వెళ్లిపోతాయి. రెండింటి బటన్లూ నొక్కి పట్టుకుని, దీపాలు గబగబా మిణుకుతుండగా దగ్గరగా ఉంచితే అర నిమిషంలో కలుస్తాయి. కరెంటును టీవీ యూఎస్‌బీ నుంచే ఇస్తే టీవీతోపాటే ఆగి వెలుగుతుంది, సౌకర్యమే. కానీ హెడ్‌ఫోన్ రంధ్రానికి తగిలించినప్పుడు అలా ఇస్తే కొన్ని టీవీల్లో సన్నగా గుంయ్‌మని హోరు వస్తుంది. కరెంటూ శబ్దమూ ఒకే టీవీలోంచి రెండు తీగల్లో వచ్చి చుట్టు తిరగడమే దానికి కారణం. పాత ఫోన్ చార్జర్‌తో విడిగా గోడ ప్లగ్గు నుంచి ఇచ్చి చూడండి. హోరు ఆగితే అలాగే వదిలేయొచ్చు.