క్లాంపు ఎందుకు పడింది?

"కూలీ అజాగ్రత్త వల్ల క్లాంపు కింద పడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. సదరు కూలీని మందలించి రెండు రోజుల కూలి కోశాం. ఇకపై జాగ్రత్తగా పనిచేయాలని అందరికీ చెప్పాం."

నాలుగు వాక్యాలు, కింద ఒక సంతకం. నివేదిక ఫైల్లోకి వెళ్లిపోయింది. కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న ఏ శివారు సైట్‌కు వెళ్లినా ఇలాంటి కాగితాలు కనబడతాయి. ఇక్కడ చెబుతున్న ఉదంతం ఏ ఒక్క కంపెనీదీ కాదు. పరంజా విప్పే చోట మళ్లీ మళ్లీ జరిగేవాటిని ఒక్కచోట చేర్చి, అసలు దర్యాప్తు అంటూ చేస్తే ఎలా ఉంటుందో చూపడానికి అల్లింది.

పద్నాలుగో అంతస్తు. బయట గోడ ప్లాస్టరింగ్ అయిపోయింది, పరంజా విప్పుతున్నారు. మధ్యాహ్నం టీ వేళకు కాస్త ముందు కిలో బరువున్న ఇనుప క్లాంపు ఒకటి పలక మీద నుంచి జారింది. దారిలో ఎనిమిదో అంతస్తు దగ్గర అడ్డ పైపుకు తగిలి పక్కకు ఎగిరింది. నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్తున్న ఒక మహిళా కూలీకి రెండడుగుల దూరంలో నేలలో దిగబడింది. గండం గడిచింది. సైట్ భాషలో దీన్ని నియర్ మిస్ అంటారు.

దెబ్బ తగలనంత మాత్రాన ఇది చిన్న సంగతి అయిపోదు. పద్నాలుగో అంతస్తు అంటే నేల నుంచి సుమారు 42 మీటర్లు. అక్కడి నుంచి దేనికీ తగలకుండా పడితే ఆ క్లాంపు మూడు సెకన్ల లోపే నేలను చేరుతుంది, అప్పటికి దాని వేగం గంటకు వంద కిలోమీటర్లు. మోసుకొచ్చే శక్తి 400 జౌల్స్ పైమాటే. యూరప్‌లో సేఫ్టీ హెల్మెట్‌ను పరీక్షించేటప్పుడు దాని మీద 5 కిలోల దిమ్మెను మీటరు ఎత్తు నుంచి వదులుతారు. అది దాదాపు 49 జౌల్స్. మన క్లాంపు దారిలో పైపుకు తగిలి సగం శక్తి పోగొట్టుకుందనుకున్నా, మిగిలింది ఆ పరీక్షకు నాలుగింతలు. ఆమె తల మీద హెల్మెట్ ఉంది. నెత్తిన పడి ఉంటే అది ఆమెను కాపాడేది కాదు.

మరి ఆ నాలుగు వాక్యాల నివేదికలో లోపం ఏమిటి? అబద్ధమేమీ లేదు. క్లాంపును పలక మీద పెట్టింది ఆ కూలీయే. కానీ అతన్ని తీసేసి ఇంకో మనిషిని అదే పలక మీద, అదే పనికి నిలబెడితే క్లాంపు పడకుండా ఉంటుందా? దర్యాప్తు చేసేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. వారం తిరక్కుండా మళ్లీ పడుతుందని జవాబు వస్తే, కారణం ఆ మనిషి కాడు. తప్పంతా మనిషి మీదికి నెట్టే అలవాటు పాతదే. అమెరికాలో ఒక బీమా కంపెనీలో పనిచేసిన హైన్‌రిక్ 1931లో రాసిన పుస్తకంలో నూటికి 88 ప్రమాదాలు మనుషుల చేష్టల వల్లే జరుగుతాయని తేల్చాడు. ఆయన చూసిన ప్రమాద నివేదికల్లో చాలావాటిని రాసింది సూపర్‌వైజర్లు, యజమానులు. వాళ్లు మనిషి పేరు రాయక ఇంకేం రాస్తారు!

విమానాల వాళ్లు ఈ మాట ఎప్పుడో తేల్చేసుకున్నారు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని 13వ అనుబంధం ప్రకారం ప్రమాద దర్యాప్తుకు ఒక్కటే లక్ష్యం, మళ్లీ ప్రమాదం జరక్కుండా చూడటం. తప్పెవరిదో, బాధ్యులెవరో తేల్చడం ఆ దర్యాప్తు పని కాదు. అది కోర్టులో వేరుగా తేలుతుంది. ఆ రెండింటినీ కలిపేస్తే నిజం చెప్పేవాడు దొరకడు.

మళ్లీ మన సైట్‌కు వద్దాం. నాలుగు వాక్యాలతో తృప్తి పడని ఒక సేఫ్టీ ఆఫీసర్ దర్యాప్తును మళ్లీ తెరిచాడనుకుందాం. ఆయన అదృష్టం, పడిన క్లాంపును ఎవరూ పారేయలేదు. ఇలాంటప్పుడు చాలాచోట్ల ముందు జరిగే పని దాన్ని తీసి క్లాంపుల గుట్టలో విసిరేయడం. దాంతో సగం సాక్ష్యం పోతుంది. పడినచోటే ఫొటో తీయాలి, గోడ నుంచి ఎంత దూరంలో పడిందో టేపు పెట్టి కొలవాలి, తూకం వేయాలి, బోల్టు, నట్టు ఎలా ఉన్నాయో చూడాలి. ఇక్కడ నట్టు బోల్టుకే ఉంది, మరలు అరిగిపోలేదు. అంటే బిగించి ఉన్న క్లాంపు తనంతట తాను ఊడి పడలేదు, విప్పి పెట్టినదే దొర్లింది. ఈ ఒక్క ముక్కతో దర్యాప్తు దారి మారిపోతుంది. మరలు అరిగి ఉంటే క్లాంపుల కొనుగోలు, తనిఖీల వైపు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు వెళ్లాల్సింది విప్పే పద్ధతి వైపు.

తర్వాత ఆ కూలీతో మాట్లాడాలి. అతను శ్రీకాకుళం వైపు కుర్రాడు. అప్పటికే కూలి పోయింది, పని కూడా పోతుందేమోనని బెదిరిపోయి ఉన్నాడు. "ఎందుకు వదిలేశావ్?" అని మొదలుపెడితే "తప్పయిపోనాది సార్" అన్న ఒక్క మాటే వస్తుంది. ఆఫీసర్ అలా అడగలేదు. మేస్త్రిని బయటికి పంపి, కుర్రాణ్ని కూర్చోబెట్టి, "తమ్ముడూ, పొద్దున పైకెక్కిన కాడి నుంచి ఒక్కొక్కటీ చెప్పు" అన్నాడు. కాసేపటికి కుర్రాడు నోరు విప్పాడు. "అంచు బోర్డులు నిన్ననే దింపీసినారు సార్. పక్క టవర్‌కి కావాలన్నారు. సంచి నిండిపోనాది. లిఫ్ట్ టైల్సోళ్ల కాడుంది. ఎక్కడెట్టను?"

ఇందులో మూడు దారాలున్నాయి, ఒక్కొక్కటీ లాగాలి. నిలబడే పలక అంచున, చేతికందే చిన్న వస్తువు దొర్లిపోకుండా కట్టే నిలువు బోర్డును టో బోర్డు అంటారు. పరంజా విప్పేటప్పుడు ఒక వరసలో మిగతా పనంతా అయ్యాకే ఆ వరస టో బోర్డు తీయాలి. ఇక్కడ అన్ని వరసల్లోవీ ఒకేసారి తీసేశారు. ఎందుకు? పక్క టవర్‌లో కొత్త పరంజాకు బోర్డులు చాల్లేదు. ఎందుకు చాల్లేదు? రెండు టవర్ల పనీ ఒకేసారి నడుస్తుందని తెలిసినా అద్దెకు తెచ్చిన సామాను లెక్క ఒక టవర్‌కే కట్టారు. తీసేశాక ఎవరూ గమనించలేదా? పరంజాకు కట్టిన పచ్చ ట్యాగు సోమవారం తనిఖీది, బోర్డులు తీసింది బుధవారం. మధ్యలో ఏదైనా మార్చితే ట్యాగు తీసేయాలన్న నియమం కాగితం మీద ఉంది. తీసే అధికారం ఎవరిదో మాత్రం ఎక్కడా రాయలేదు.

సంచి సంగతి. నలుగురి ముఠాకు రెండే సంచులిచ్చారు. అవి నిండితే హాయిస్ట్‌లో కిందికి పంపాలి, ఖాళీ చేసి పైకి తెప్పించుకోవాలి. ఆ మధ్యాహ్నం హాయిస్ట్ టైల్స్ ఎక్కించే ముఠా చేతిలో ఉంది. ఆగుదామంటే ముఠాది గుత్త పని, చదరపు అడుగుకు ఇంత అని. ఆగిన గంటకు పైసా రాదు. చివరి కారణంగా ఈ గుత్త బేరాన్ని నివేదికలో రాయడానికి కాంట్రాక్టర్లు ససేమిరా ఒప్పుకోరు. కూలీ అజాగ్రత్త అని రాస్తే ఎవరికీ ఖర్చు లేదు, బేరం అని రాస్తే రేటు మార్చాలి.

ఇది పై కథ. కింద ఇంకో కథ ఉంది, నాకైతే అదే ఎక్కువ అన్యాయంగా కనబడుతుంది. గోడకు మూడు మీటర్ల దూరంలో ఎర్ర టేపు కట్టారు. క్లాంపు పడింది ఏడు మీటర్ల దూరంలో. ఆ మహిళా కూలీ టేపు దాటి లోపలికి వెళ్లలేదు, నియమం పాటిస్తూనే ఉంది. జారినది తిన్నగా కిందికే వస్తుందన్న ఊహతో ఆ టేపు కట్టారు. మధ్యలో పైపులు, శ్లాబు అంచులు ఉన్నచోట అలా రాదు. 2014 నవంబరులో అమెరికాలోని జెర్సీ సిటీలో ఒక నిర్మాణ భవనం 50వ అంతస్తు నుంచి కొలత టేపు ఒకటి జారింది. బరువు అర కిలో కూడా ఉండదు. కింద ఉన్న ఇనుప సామానుకు తగిలి ఎగిరి, కొన్ని అడుగుల అవతల నిలబడి ఉన్న మనిషి తలకు తగలడంతో ఆయన చనిపోయాడు. ఎత్తున వాడే పనిముట్లను తాడుతో ఒంటికో, పరంజాకో కట్టుకోవడానికి అమెరికాలో ప్రత్యేక ప్రమాణం వచ్చింది 2018లో.

ఆరో అంతస్తు దగ్గర వల కూడా కట్టారు. మరి అది ఏమైంది? క్లాంపు దాని పక్కనుంచే పోయింది. వల మీద పడినా ఆగేది కాదు. అది మనుషులు పడితే పట్టుకోవడానికి కట్టిన వల, దాని కన్నులు అరచేయంత వెడల్పు. చిన్న సామాను ఆగాలంటే దాని మీద సన్న కన్నుల వల ఇంకొకటి పరవాలి. పైనుంచి చూసే ఇంజినీరుకు వల కనబడుతుంది, ధీమా వస్తుంది. నీళ్ల డ్రమ్ము ఆ పక్కకు ఎందుకు వచ్చింది? దాని పాత చోటులో ఆ వారం ఇనుప కడ్డీల లోడు దింపారు.

ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడిగితే మూలం దొరుకుతుందని టయోటా ఫ్యాక్టరీల నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. మంచిదే, కానీ అది ఒకే దారాన్ని పట్టుకుని పోతుంది. ఇక్కడ బోర్డు, సంచి, టేపు, వల, డ్రమ్ము అన్నీ వేరువేరు దారాలు. ఏ ఒక్కటి సరిగా ఉన్నా ఈ గండం వచ్చేదే కాదు. అందుకే ప్రతి కొమ్మనూ విడిగా అడిగి, ఒక చెట్టులా గీసుకోవాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. జరిగిపోయాక చూస్తే ప్రతిదీ ముందే తెలిసి ఉండాల్సినట్టే కనబడుతుంది. ఆ కుర్రాడికి ఆ క్షణంలో ఏం కనబడిందో, చేతిలో ఏం ఉందో, అంతవరకే రాయాలి.

అలాగని ఎవరినీ ఏమీ అనకూడదని కాదు. తాగి పరంజా ఎక్కినా, కావాలని క్లాంపు విసిరినా లెక్క వేరు. దానికి క్రమశిక్షణ చర్య ఉంటుంది, ఉండాలి. కానీ అది ఈ ఫైల్లో కాదు, వేరే ఫైల్లో. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

రెండో నివేదిక చివర చేయాల్సిన పనులు వచ్చాయి. టో బోర్డులు వరసలో ఆఖరున తీయాలి, పక్క టవర్‌కు వేరే బోర్డులు అద్దెకు తేవాలి. పరంజాలో ఏది తీసినా ఎర్ర ట్యాగు వేసే అధికారం మేస్త్రికి రాతపూర్వకంగా ఇవ్వాలి. విప్పే ముఠాకు హాయిస్ట్ మధ్యాహ్నం రెండు గంటలు రాసిపెట్టాలి, ఆగిన గంటకు కూలి ఇవ్వాలి. విప్పే వైపు నేల మీద ఆ పూటకు రాకపోకలు పూర్తిగా ఆపాలి, డ్రమ్ము అవతలి వైపుకు మార్చాలి. ప్రతి పని పక్కన ఒక పేరు, ఒక తేదీ ఉన్నాయి. నెల తర్వాత ఎవరో ఒకరు పైకెక్కి, పలకల మీద విప్పి పెట్టిన క్లాంపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలని కూడా ఉంది. కోసిన రెండు రోజుల కూలి తిరిగి ఇచ్చేయాలన్నది ఆఖరి అంశం.

సైట్లలో ఇలాంటి కాగితాల మీద సంతకం పెట్టే ప్రాజెక్టు మేనేజర్లకు ఒక మనవి. నివేదిక చేతికి రాగానే "తీసుకున్న చర్య" అన్న గడి ముందు చూడండి. అందులో "మందలించాం", "చెప్పాం" తప్ప ఇంకేమీ లేకపోతే సంతకం పెట్టకండి, వెనక్కి పంపండి.