వంగే ప్లాస్టిక్‌కు ఇరుకు దారి

మిక్సీ కింద ఉండే రబ్బరు కాళ్లలో ఒకటి ఊడిపోతే మిక్సీ గట్టుమీద గడగడలాడుతూ పక్కకు జరిగిపోతుంది. పాత మోడలుకు ఆ కాలు బజారులో దొరకదు. ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు దాన్ని టీపీయూతో చేసుకోవచ్చు. టీపీయూ అంటే థర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్. వేడికి కరిగి, చల్లారాక రబ్బరులా సాగే ప్లాస్టిక్ ఇది. మొబైల్ ఫోన్ల మెత్తటి కవర్లలో చాలావాటిని దీనితోనే చేస్తారు.

మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్‌ను చక్కగా ప్రింట్ చేసే యంత్రమే టీపీయూ ఎక్కించగానే మొరాయిస్తుంది. మొదటి రెండు పొరలు బాగానే వస్తాయి. తర్వాత పొరలు పలచబడతాయి. కాసేపటికి నాజిల్ ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. నాజిల్ మూసుకుపోయిందేమోనని దాన్ని విప్పి చూసేవాళ్లే ఎక్కువ. అసలు గొడవ చాలాసార్లు అక్కడ ఉండదు. ఎక్స్‌ట్రూడర్ మూత తీస్తే ఫిలమెంట్ పళ్లచక్రం చుట్టూ చుట్టుకుపోయి కనిపిస్తుంది.

ఎండర్-3 మొదటి మోడల్ వంటి యంత్రాల్లో పళ్లచక్రం ఒకచోట, కరిగించే నాజిల్ మరోచోట ఉంటాయి. రెంటి మధ్య పొడవాటి టెఫ్లాన్ గొట్టం ఉంటుంది. చక్రం దాటిన ఫిలమెంట్ గొట్టంలోకి దూరేలోపు కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. పీఎల్ఏ గట్టిది కాబట్టి ఆ ఖాళీని తేలిగ్గా దాటేస్తుంది. టీపీయూ అక్కడే వంగిపోతుంది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొసకు దగ్గరగా పట్టుకుంటేనే అది వంగకుండా దూరుతుంది, ఇక్కడా అంతే. ఆసరా లేని పొడవు సగమైతే, వంగడానికి కావాల్సిన బలం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో అంకెలు మార్చేముందు ఈ ఖాళీని మూయాలి. గొట్టం కొసను ఏటవాలుగా చెక్కి, పళ్లకు రాసుకోకుండా వీలైనంత దగ్గరకు తోస్తే సరిపోతుంది. లోపలి వ్యాసం 2 మిల్లీమీటర్లున్న గొట్టం బదులు 1.9 ఉన్నది వేస్తే 1.75 మిల్లీమీటర్ల ఫిలమెంట్ లోపల మెలికలు తిరగడం తగ్గుతుంది. స్ప్రింగును అతిగా బిగించడం మాత్రం పొరపాటు. నలిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిన ఫిలమెంట్ గొట్టంలో ఇరుక్కుంటుంది.

దారి సరిచేశాక వేగం సంగతి. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న మిక్సీ కాలు లోపలంతా నిండుగా ఉంటే దాదాపు 3,770 ఘన మిల్లీమీటర్లు. గీత వెడల్పు 0.4, పొర మందం 0.2 పెట్టి సెకనుకు 30 మిల్లీమీటర్ల వేగంతో నడిపితే, నాజిల్‌లోంచి సెకనుకు 2.4 ఘన మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బయటికి రావాలి. అంటే చక్రం సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు ఫిలమెంట్‌ను నెడుతుందన్నమాట. లెక్క ప్రకారం కాలు పూర్తవడానికి 26 నిమిషాలు పడుతుంది. వేగం రెట్టింపు చేస్తే 13 నిమిషాలు మిగులుతాయి. కానీ నాజిల్ దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడంతా వెనక్కి వచ్చి చక్రం దగ్గరే తేలుతుంది. ఆ 13 నిమిషాల కోసం అంత తెగింపు అక్కర్లేదు.

ఇక రిట్రాక్షన్. నాజిల్ ఒకచోటి నుంచి మరోచోటికి ఖాళీగా కదిలేటప్పుడు కారకుండా ఫిలమెంట్‌ను వెనక్కి లాగడాన్ని అలా అంటారు. పొడవాటి గొట్టం ఉన్న యంత్రంలో పీఎల్ఏకు 5, 6 మిల్లీమీటర్లు లాగుతారు. టీపీయూను అంత లాగితే చాలావరకు సాగుతుందే తప్ప నాజిల్ కొసకు ఆ కదలిక పూర్తిగా చేరదు. పైగా ఒకే ముక్క పళ్ల మధ్య ముందుకూ వెనక్కూ నలిగి అరిగిపోతుంది. మొదట రిట్రాక్షన్ పూర్తిగా ఆపి ఒక కాలు ప్రింట్ చేసి చూడాలి. తీగలు మరీ ఎక్కువైతే అర మిల్లీమీటరు చొప్పున పెంచుతూ రెండు దగ్గర ఆగాలి. నాలుగు కాళ్లనూ ఒకేసారి ప్రింట్ చేస్తే ప్రతి పొరకూ నాజిల్ నాలుగు చోట్లకూ గెంతాలి. తీగలన్నీ ఆ గెంతుల్లోనే పుడతాయి. ఒక్కొక్కటిగా చేసుకుంటే ఆ బాధే ఉండదు. మిగిలిన ఒకటీ అరా బ్లేడుతో కోసేయవచ్చు.

ప్రింట్ అవుతుండగా నాజిల్ దగ్గర చిటపటలు వినిపిస్తే అది రిట్రాక్షన్ లోపం కాదు, తేమ. టీపీయూ గాలిలోని తడిని ఇట్టే పీల్చుకుంటుంది. వానాకాలంలో మరీనూ. 50 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాకే ఎక్కించాలి.

కొనేటప్పుడు చుట్టమీద 95ఏ అన్న గుర్తు చూసుకోండి. ఇంత సర్దుబాటు చేస్తే పాత యంత్రం కూడా దాన్ని ప్రింట్ చేస్తుంది. 85ఏ అంతకంటే బాగా మెత్తన. దానికి పళ్లచక్రం నాజిల్‌కు నేరుగా పైనే ఉండే డైరెక్ట్ డ్రైవ్ యంత్రం కావాలి. అది లేనివాళ్లు 85ఏ జోలికి వెళ్లకపోవడమే మంచిది.