ఆరు గడుల్లో ఒక చీర

చిన్న దుకాణదారులకు ఇన్‌స్టాగ్రామ్ కారౌజల్ నేర్పే ప్రసంగం నిర్వచనంతో మొదలైతే సగం మంది ఫోన్లలోకి జారుకుంటారు. వేలితో పక్కకు జరిపి చూసే బొమ్మల వరుస అని ఒక్క ముక్క చెప్పి, కాగితం మీద ఆరు గడులు గీయించడం మేలు. 2017లో ఈ సదుపాయం వచ్చినప్పుడు పది బొమ్మలకే వీలుండేది, 2024లో ఇరవై చేశారు. కొత్తవాళ్లకు ఆరు చాలు.

ఆపైన ప్రసంగమంతా ఒకే ఉదాహరణ మీద నడవాలి. మంగళగిరి నూలు చీరలమ్మే దుకాణమే అనుకుందాం. యజమానురాలు మొదటి గడిలో షాపు పేరు, కింద "స్వాగతం" అని రాస్తుంది. శిక్షకుడు అక్కడ ఆగాలి.

"అమ్మా, కొనడానికొచ్చినవాళ్లు మిమ్మల్ని రోజూ ఏమడుగుతారు?"

"రంగు పోతుందా అంటారండీ."

మొదటి గడి దొరికినట్టే: "కొత్త మంగళగిరి చీర ఉతకబోతున్నారా?" తర్వాత ఉతికే పద్ధతి, తడి తెల్లగుడ్డతో అంచు లోపలివైపు రుద్ది రంగు చూడటం, నీడలో ఆరేయడం, ఆరిన చీర ఫొటో. ధర, వాట్సాప్ నంబరు ఆరో గడిలోనే.

ఎక్కువమంది తప్పేది రెండో గడిలో. మొదటి బొమ్మ దగ్గరే ఆగి వెళ్లిపోయినవారికి ఇన్‌స్టాగ్రామ్ కొన్నిసార్లు రెండోది చూపిస్తుంది. అక్కడ "విడిగా, చన్నీళ్లలో" అని మాత్రమే ఉంటే ఏమీ అర్థం కాదు. "కొత్త చీరను మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతకండి" అని పూర్తిగా రాయాలి.

పోస్టు చేసేముందు పక్కవాళ్లకు ఫోనిచ్చి పైకి చదవమనాలి. ఎక్కడ తడబడితే అక్కడ అక్షరాలు పెంచాలి, లేదా మాటలు తగ్గించాలి.